నాలుగు బై ఆరు కాగితం మీద చిన్న ఫోటోలు

పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే పెద్దవాళ్లను సేవా కేంద్రంలోనే కెమెరా ముందు కూర్చోబెట్టి ఫోటో తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో, 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఫోటోను ఇంటి నుంచే తీసుకెళ్లాలి. ఆరు నెలల పాపను స్టూడియో స్టూలు మీద నిలబెట్టలేం. ఆ లైట్ల ముందు కళ్లు తెరిపించి, ఏడవకుండా చూడడమూ తేలిక కాదు. అదే పాప ఇంట్లో పాలు తాగి హాయిగా ఉన్న వేళ ఫోన్ తీస్తే నిమిషంలో మంచి ఫోటో దొరుకుతుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు, దుకాణాల్లో దొరికే నాలుగు బై ఆరు అంగుళాల ఫోటో పేపరు ఉంటే మిగతా పని కూడా అక్కడే పూర్తిచేసుకోవచ్చు.

చాలామంది ఇళ్లలో ఈ పని సగం దాకా బాగానే నడుస్తుంది. ఫోటో బాగుంటుంది, ప్రింటు మెరుస్తూ బయటికి వస్తుంది. స్కేలు పెట్టి కొలిచేసరికి వెడల్పు 33న్నర మిల్లీమీటర్లో, 36 మిల్లీమీటర్లో తేలుతుంది. ముఖం కాస్త సాగినట్టో నొక్కినట్టో ఉంటుంది. ఫోటోను కత్తిరించేటప్పుడు, కాగితం మీద అమర్చేటప్పుడు, ప్రింటు ఇచ్చేటప్పుడు, ఈ మూడు చోట్లా కొలత చేజారడానికి అవకాశం ఉంది. ఒక్క పాప ఫోటోనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా వెంట నడిస్తే ఎక్కడ జారుతుందో స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు ఫోటో సంగతి. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటిని నేల మీద మడతల్లేకుండా పరిచి, పాపను వెల్లకిలా పడుకోబెట్టి, నిలబడి పై నుంచి తీయడం అందరికీ వీలైన పద్ధతి. అమెరికా విదేశాంగ శాఖ కూడా పసిపిల్లల పాస్‌పోర్టు ఫోటోకు తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టే పద్ధతినే సూచిస్తుంది. కిటికీ వెలుతురు పాప ముఖం మీద సమానంగా పడాలి. తీసేవాళ్ల నీడ దుప్పటి మీద పడకూడదు. పట్టుకున్న అమ్మ చెయ్యి ఫ్రేములోకి రాకూడదు. ఫోన్లో బ్యూటీ మోడ్ ఉంటే ఆపేయాలి.

ముద్దొస్తోంది కదా అని ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తీసుకెళ్లకూడదు. అతి దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఆ వంకరను తర్వాత ఏ కత్తిరింపూ సరిచేయలేదు. మీటరుకు పైగా ఎత్తు నుంచి తీసి, ముఖం చుట్టూ చోటు ధారాళంగా వదిలేయాలి. ఫోన్ ఫోటోలో లక్షల పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల తీసేసినా ముఖానికి కావలసినన్ని మిగులుతాయి. ఆ ఫోటోను కంప్యూటరుకు చేర్చేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు అలాగే చేరుతుంది.

ఇక కత్తిరింపు. 35 బై 45 అంటే నిష్పత్తి 7:9. ఫోన్ గ్యాలరీలోని క్రాప్ పనిముట్టులో సాధారణంగా 1:1, 3:4, 9:16 వంటివి ఉంటాయి. వీటిలో 3:4 చూడ్డానికి పాస్‌పోర్టు ఫోటోలాగే ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నే ఎంచుకుంటారు. కానీ 45 మిల్లీమీటర్ల ఎత్తుకు 3:4 ప్రకారం వచ్చే వెడల్పు 33.75 మిల్లీమీటర్లే. అంటే మిల్లీమీటరుకు పైగా తక్కువ. తర్వాత దాన్ని 35 వెడల్పుకు బలవంతంగా సాగదీస్తే పాప బుగ్గలు ఉన్నదానికంటే వెడల్పవుతాయి. అందుకే నిష్పత్తిని స్వయంగా టైపు చేయగలిగే సాఫ్ట్‌వేర్ కావాలి. ఉచితంగా దొరికే GIMPలో క్రాప్ పనిముట్టు తీసుకుని, Fixed దగ్గర Aspect ratio ఎంచుకుని 7:9 అని కొడితే చాలు. గీతను ఎంత లాగినా ఆ నిష్పత్తి మారదు.

నిష్పత్తి కుదిరినంత మాత్రాన కత్తిరింపు కుదిరినట్టు కాదు. చట్రంలో తల ఎంత ఉండాలన్నది అంతకంటే ముఖ్యం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం గడ్డం కింది అంచు నుంచి నడినెత్తి దాకా ఉన్న కొలత, ఫోటో ఎత్తులో 70 నుంచి 80 శాతం ఉండాలి. 45 మిల్లీమీటర్ల ఫోటోకు ఇది 31.5 నుంచి 36 మిల్లీమీటర్లు. మధ్యలో 34ను లక్ష్యంగా పెట్టుకుంటే అటూ ఇటూ కాస్త తేడా వచ్చినా హద్దు దాటదు.

ఇప్పుడు అంకెలతో చూద్దాం. పాప ఫోటోను GIMPలో తెరిచి, కొలత పనిముట్టుతో గడ్డం నుంచి నడినెత్తికి గీత లాగితే 1,360 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం. కాగితం మీద ఇది 34 మిల్లీమీటర్లు కావాలి. 1,360ని 34తో భాగిస్తే 40. అంటే ఈ ఫోటోలో 40 పిక్సెళ్లు కాగితం మీద ఒక మిల్లీమీటరు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే మిగతావన్నీ గుణకారాలే. వెడల్పు 35 మిల్లీమీటర్లకు 1,400 పిక్సెళ్లు, ఎత్తు 45కు 1,800 పిక్సెళ్లు. తల పైన నాలుగు మిల్లీమీటర్లు వదలాలనుకుంటే, నడినెత్తికి 160 పిక్సెళ్ల పైన చట్రం మొదలవుతుంది. గడ్డం కింద ఏడు మిల్లీమీటర్లు, అంటే 280 పిక్సెళ్లు మిగులుతాయి. మెడ, భుజాల పై అంచు అందులో కనిపిస్తాయి. అడ్డంగా చూస్తే ముక్కు గీత సరిగ్గా మధ్యలో, రెండు పక్కలా 700 పిక్సెళ్ల చొప్పున ఉండాలి. తల కాస్త ఒరిగి ఉంటే కత్తిరించే ముందే బొమ్మను తిప్పి, రెండు కళ్లూ ఒకే మట్టానికి తేవాలి. కత్తిరించాక తిప్పితే మూలల్లో ఖాళీలు పడతాయి.

కంటి అంచనాతో కత్తిరించే అలవాటున్నవాళ్లకు ఈ భాగహారం చాదస్తంగా తోచవచ్చు. కానీ స్క్రీన్ మీద ఫోటో ఎంత పెద్దదిగానైనా కనిపిస్తుంది. తల 28 మిల్లీమీటర్లే వస్తోందని కంటికి తెలియదు. తెల్ల దుప్పటి అందంగా ఉందని చుట్టూ ఎక్కువ వదిలేయడం ఇళ్లలో చేసిన ఫోటోల్లో తరచూ కనిపించే లోపం.

తల కొలత అన్నిచోట్లా ఒకటి కాదు. విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాలు 2025లో పాస్‌పోర్టు ఫోటో నిబంధనలను బిగించి, ముఖం ఫోటోలో 80 నుంచి 85 శాతం ఉండాలని అడుగుతున్నాయి. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం ఇదే లెక్క చేసేటప్పుడు 34 బదులు 37 తీసుకోవాలి. అక్కడ కోరే డిజిటల్ ఫోటో 630 బై 810 పిక్సెళ్లు. భాగించి చూస్తే అది కూడా 7:9 నిష్పత్తే. అమెరికా వీసాకు మాత్రం చట్రమే వేరు. రెండు అంగుళాల చదరంలో తల 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు. అంటే ఒక అవసరానికి కత్తిరించిన ఫోటోను ఇంకో అవసరానికి పెంచో తగ్గించో వాడితే కుదరదు. ప్రతిసారీ అసలు ఫోటో నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అందుకే కత్తిరించిన దాన్ని వేరే పేరుతో దాచి, అసలుదాన్ని ముట్టుకోకుండా ఉంచాలి.

పిక్సెళ్లు సరిపోతాయా అన్న అనుమానమూ ఇక్కడే తీరుతుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు చాలు. ఆ లెక్కన 35 బై 45 మిల్లీమీటర్ల ఫోటోకు సుమారు 413 బై 531 పిక్సెళ్లు కావాలి. మన పాప ఫోటోలో అంతకు మూడింతలకు పైగా ఉన్నాయి. తల ఎత్తు 400 పిక్సెళ్ల కంటే తక్కువ తేలితే మాత్రం కనురెప్పలు, పెదవుల అంచులు అలుక్కుపోయినట్టు వస్తాయి. అప్పుడు పెంచే ప్రయత్నం మాని ఇంకో ఫోటో తీయడం నయం.

కాగితం మీద అమర్చడంలో చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. నాలుగు బై ఆరు అంగుళాలంటే 101.6 బై 152.4 మిల్లీమీటర్లు. కాగితాన్ని అడ్డంగా పెడితే వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసలు, మొత్తం ఎనిమిది ఫోటోలు పడతాయి. నిలువుగా పెట్టి, ఫోటోలనూ నిలువుగానే ఉంచితే వరుసకు రెండే పడతాయి, మూడు వరుసలకు ఆరే. అదే కాగితం, అదే కొలత. తిప్పినంతలోనే రెండు ఫోటోలు పోతాయి.

ఎనిమిది పెడితే మిగిలే చోటు చాలా తక్కువ. నాలుగు ఫోటోలు 140 మిల్లీమీటర్లు తీసుకుంటే, అడ్డంగా మిగిలేది 12.4. ఫోటోల మధ్య రెండేసి మిల్లీమీటర్ల సందు ఇస్తే అంచుల్లో చెరో 3.2 మిల్లీమీటర్లే ఉంటాయి. ఇంక్‌జెట్ ప్రింటర్లు మామూలు పద్ధతిలో కాగితం అంచున మూడు మిల్లీమీటర్ల దాకా సిరా వేయవు. కొన్ని రకాలు ఒక చివరన ఐదు మిల్లీమీటర్ల దాకా కూడా వదిలేస్తాయి. అలాంటి ప్రింటరులో చివరి ఫోటో అంచు తెగిపోతుంది, లేదా సాఫ్ట్‌వేర్ షీటు మొత్తాన్ని కాస్త కుదించి సర్దేస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చూస్తే తెలియదు. అన్నీ కొంచెం కొంచెం చిన్నవవుతాయి. సందు లేకుండా ఫోటోలను ఆనించి పెడితే అంచులో 6.2 మిల్లీమీటర్లు మిగిలి ఎనిమిదీ భద్రంగా పడతాయి. అయితే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఎక్కడ కోయాలో తెలియదు కాబట్టి, మధ్యలో వెంట్రుకంత సన్నని బూడిద రంగు గీత ఉండాలి. కత్తి అర మిల్లీమీటరు జరిగినా ఒక ఫోటో తగ్గి పక్కది పెరుగుతుంది.

అన్నీ చూసుకుంటే ఇంట్లో చేసుకునేవాళ్లకు ఎనిమిది కంటే ఆరే మంచిది. దరఖాస్తుకు కావలసింది ఒకటో రెండో. వరుసకు మూడు చొప్పున రెండు వరుసలు పెట్టి, మధ్య మూడేసి మిల్లీమీటర్ల సందు ఇచ్చి, అన్నిటినీ ఎడమవైపుకు జరిపితే కుడివైపు మూడు సెంటీమీటర్లకు పైగా చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలో సరిగ్గా 80 మిల్లీమీటర్ల పొడవున ఒక నల్ల గీత నిలువుగా గీయాలి. ఫోటోకు ఆ గీతతో పని లేదు గానీ, ప్రింటరు కొలత మార్చిందో లేదో అదే చెబుతుంది.

అమర్చడానికి లిబ్రే ఆఫీస్‌లోని Draw చాలు. పేజీ కొలతను 152.4 బై 101.6 మిల్లీమీటర్లుగా పెట్టి, కత్తిరించిన ఫోటోను తెచ్చి, F4 నొక్కితే కొలతల పెట్టె తెరుచుకుంటుంది. అందులో వెడల్పు 35, ఎత్తు 45 అని కొట్టాలి. Keep ratio గుర్తు పెట్టి ఉంచి వెడల్పు ఒక్కటే మార్చితే ఎత్తు దానంతట అదే 45 అవ్వాలి. 46.7 అని వచ్చిందంటే కత్తిరింపు 3:4లో జరిగిందన్నమాట. గుర్తు తీసేసి అంకెను బలవంతంగా 45 చేయకుండా వెనక్కి వెళ్లి మళ్లీ కత్తిరించాలి. తర్వాత Shift+F3 నొక్కి ఎన్ని కాపీలు కావాలో, ఎంత దూరం జరగాలో చెబితే మిగతా ఫోటోలు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. మూడు మిల్లీమీటర్ల సందుకు పక్కకు జరగాల్సిన దూరం 38, కిందికి 48. షీటును జేపీజీగా దాచడం కంటే పీడీఎఫ్‌గా దాచడం మేలు. పీడీఎఫ్ పేజీ కొలతను తనలోనే మోసుకెళ్తుంది. జేపీజీ కొలతను కొన్ని సాఫ్ట్‌వేర్లు పట్టించుకోకుండా కాగితానికి తగ్గట్టు తమకు తోచినంత సైజు ఇచ్చేస్తాయి.

కొలత ఎక్కువగా చేజారేది ప్రింటు పెట్టెలో. పీడీఎఫ్ తెరిచి ప్రింటు ఇచ్చేటప్పుడు Fit అనే ఎంపిక ముందే గుర్తు పెట్టి ఉండవచ్చు. దాన్ని తీసి Actual size లేదా 100% ఎంచుకోవాలి. విండోస్‌లో ఫోటోను నేరుగా ప్రింటు చేస్తే Fit picture to frame అన్న గడి కనిపిస్తుంది. అదీ తీసేయాలి. బోర్డర్‌లెస్ అన్న ఎంపిక కూడా ఈ పనికి పనికిరాదు. అంచుల్లో తెల్ల గీత మిగలకుండా ఉండేందుకు ప్రింటరు బొమ్మను కొంచెం పెంచి, కాగితం అంచు దాటేలా సిరా చల్లుతుంది. మూడు శాతం పెంచినా 35 కాస్తా 36 దాటుతుంది, 45 కాస్తా 46.3 అవుతుంది. పెళ్లి ఫోటోకు ఆ తేడా లెక్కలోకి రాదు. గుర్తింపు ఫోటోకు వస్తుంది.

అమెరికా వీసా ఫోటోల దగ్గర ఈ ఇబ్బంది బాగా కనిపిస్తుంది. రెండు అంగుళాల చదరాలు నాలుగు బై ఆరు కాగితం మీద లెక్క ప్రకారం ఆరు సరిగ్గా పడతాయి, కానీ అంచుకు ఒక్క మిల్లీమీటరు కూడా మిగలదు. ఆరూ రావాలంటే బోర్డర్‌లెస్ తప్పదు, అది పెట్టగానే అన్నీ పెరిగి బయటి అంచులు తెగిపోతాయి. ఇంట్లో అయితే ఆ కాగితం మీద రెండే పెట్టుకోవడం తెలివి.

మొదటి ప్రింటు మామూలు తెల్ల కాగితం మీదే తీయాలి. ఫోటో పేపరు సైజుకు కత్తిరించిన ఏ-ఫోర్ ముక్క సరిపోతుంది. స్కేలు తెచ్చి ఆ నల్ల గీతను కొలవాలి. 80 ఉంటే ముందుకు వెళ్లవచ్చు. 77 వచ్చిందనుకుందాం. అప్పుడు ఫోటో కూడా అదే పాళ్లలో 33.7 బై 43.3కు తగ్గిందన్నమాట. ఇలాంటప్పుడు షీటులో ఫోటోను కాస్త పెద్దది చేసి సరిపెట్టాలని అనిపిస్తుంది. అలా చేస్తే ఈసారికి కుదిరినా ప్రింటరు సెట్టింగు మారిన రోజున మళ్లీ తప్పుతుంది. ఎక్కడో Fit గుర్తు మిగిలి ఉంటుంది, లేదా ప్రింటరు సెట్టింగుల్లో కాగితం సైజు ఏ-ఫోర్ అనే ఉండిపోయి ఉంటుంది. దాన్ని వెతికి మార్చడమే దారి.

గీత సరిపోయాక ఫోటో పేపరు. గ్లాసీ పేపరుకు సాధారణంగా ఒక వైపే పూత ఉంటుంది. తిరగేసి పెడితే సిరా ఇంకదు, బొట్లు బొట్లుగా నిలిచి చేతికి అంటుకుంటుంది. ఏ వైపో తెలియకపోతే ఒక మూల కొద్దిగా తడి చేసిన వేలితో తాకితే, పూత ఉన్న వైపు వేలికి కాస్త అతుక్కుంటుంది. ప్రింటు పెట్టెలో కాగితం రకం Plain అని ఉంటే దాన్ని గ్లాసీకి మార్చాలి. చాలా ఇళ్ల ప్రింటర్లలో మామూలు నలుపు సిరా సాదా కాగితానికి ఉద్దేశించినది. నున్నటి పూత మీద అది సరిగ్గా పట్టదు, పాప జుట్టు నల్లటి మరకలా అలుక్కుపోతుంది. గ్లాసీ అని చెబితే ప్రింటరు సిరాను తగ్గించి, అవసరమైతే నలుపును మూడు రంగులు కలిపి తయారుచేస్తుంది. ఒక హెచ్చరిక మరవకూడదు. ఇంక్‌జెట్ గ్లాసీ పేపరును లేజర్ ప్రింటరులో పెట్టకూడదు. లోపలి వేడికి పూత కరిగి రోలరుకు అంటుకుంటుంది.

వచ్చిన షీటును వెంటనే ముట్టుకోకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా గంటైనా ఆరనివ్వాలి. ఆ తర్వాత పగటి వెలుతురులో చూడాలి. స్క్రీన్ మీద తెల్లగా కనిపించిన దుప్పటి కాగితం మీద నీలంగానో బూడిద రంగుగానో వచ్చిందంటే, ఫోటోలోనే నీడ పడిందని అర్థం. స్క్రీన్ కాంతిలో ఆ నీడ తేలిపోయి కనబడదు. ముఖం కాస్త నల్లబడినట్టు అనిపిస్తే GIMPలో Curves తీసి మధ్య భాగాన్ని కొద్దిగా పైకి లేపి మళ్లీ తీయవచ్చు. వెలుతురు సరిచేయడం వరకు పరవాలేదు. మచ్చ తుడిచేయడం, బుగ్గ రంగు మార్చడం గుర్తింపు ఫోటోలో చేయకూడని పనులు.

కోయడానికి కత్తెర కంటే పదునైన బ్లేడు, స్టీలు స్కేలు మంచివి. కత్తెర పొడవాటి గీత మీద ఒక పక్కకు లాగుతుంది. అట్టముక్క మీద షీటు పెట్టి, ముందు రెండు వరుసలనూ వేరుచేయాలి. ఆ తర్వాత ఒక్కో ఫోటోను కోయాలి. స్కేలును ఎప్పుడూ ఫోటో మీద ఉంచి, బ్లేడును సందు వైపు నడిపితే జారినా కోసేది వ్యర్థమయ్యే తెల్ల భాగాన్నే. మొదటి ఫోటోను కోశాక నాలుగు వైపులా, తల ఎత్తును కూడా ఇంకోసారి కొలిచి చూసుకుంటే మిగతా ఐదింటికి ధైర్యం వస్తుంది.

ఇంట్లో ప్రింటరు లేనివాళ్లు ఇదే షీటును ఫోటో ల్యాబుకు ఇచ్చినా పని జరుగుతుంది. ల్యాబు యంత్రాలు కూడా అంచుల్లో తెల్ల గీత రాకుండా బొమ్మను కాస్త పెంచి ప్రింటు చేయవచ్చు కాబట్టి, సైజు పెంచకుండా ఉన్నది ఉన్నట్టు తీయమని ముందే చెప్పాలి. షీటు పక్కనున్న నల్ల గీతను అక్కడే కౌంటరు ముందు కొలిచి చూసుకోవచ్చు. ఇక కొన్ని దరఖాస్తుల్లో ఫోటో మీదుగా సంతకం అడుగుతారు. జెల్ పెన్ను సిరా గ్లాసీ పూత మీద ఆరదు, బొటనవేలు తగిలితే చెరిగిపోతుంది. బాల్‌పెన్ను గానీ సన్న మొన ఉన్న పర్మనెంట్ మార్కరు గానీ వాడి, సంతకం చేసిన కాగితాన్ని మడవకుండా కాసేపు పక్కన పెట్టాలి.